మిగతా నలభై మంది ఏం చూశారు

టెట్‌కో డీఎస్సీకో చదివినవాళ్లను నిద్రలో లేపి అడిగినా సరే, బందూరా అనగానే బోబో బొమ్మ అంటారు. సైకాలజీలో అదొక బిట్టు. పరిశీలన ద్వారా అభ్యసనం అన్న ఆప్షన్ కనబడితే టిక్కు పెట్టేసి తర్వాతి ప్రశ్నకు పోవడమే. ఉద్యోగం వచ్చాక ఆ బిట్టు ఎక్కడికి పోతుందోగానీ, మధ్యాహ్నం భోజనాలయ్యాక తొమ్మిదో తరగతి గదిలోకి మాత్రం మనతో రాదు. నిజానికి అక్కరకొచ్చేది అక్కడే.

ఇంతకీ మనం బట్టీ పట్టింది 1961 నాటి ప్రయోగం. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నర్సరీ బడిలో డెబ్భై ఇద్దరు చిన్నపిల్లలను తీసుకుని, కొందరి ఎదుట ఒక పెద్దమనిషి చేత గాలిబొమ్మను కొట్టించారు. అడుగున బరువుండి, పడదోసినా మళ్లీ లేచి నిలబడే బొమ్మ అది. చూసిన పిల్లలు తామూ అలాగే కొట్టారు. పిల్లలు చూసింది చేస్తారని దీంతో తేలింది. అయితే ఈ మాట మన అమ్మమ్మలకు కూడా తెలుసు. టీచరుకు పనికొచ్చేది బందూరా 1965లో అచ్చు వేయించిన ప్రయోగం. దాన్నుంచి బిట్లు రావు కాబట్టి ఎక్కువమంది దాని జోలికి పోలేదు.

అందులో అరవై ఆరు మంది పిల్లలకు అయిదు నిమిషాల సినిమా చూపించారు. సినిమాలో ఒకాయన బొమ్మ మీద కూర్చుని ముక్కు మీద గుద్దుతాడు, చెక్క సుత్తితో కొడతాడు, బంతులు విసురుతాడు. అందరూ చూసిన కథ ఇదే, ముగింపు మాత్రం మూడు రకాలు. ఒక గుంపు చూసిన సినిమాలో ఇంకో పెద్దాయన వచ్చి, శభాష్ అని మెచ్చుకుని, మిఠాయిలూ సోడా పెడతాడు. రెండో గుంపు చూసిన దాంట్లో వచ్చినాయన తిట్టి, చుట్టచుట్టిన పత్రికతో నాలుగు దెబ్బలు వేస్తాడు. మూడో గుంపు సినిమాలో ఎవరూ రారు, ఏమీ జరగదు.

తర్వాత ఒక్కొక్కరినే బొమ్మా సుత్తీ ఉన్న గదిలోకి పంపి, పది నిమిషాలు వదిలేశారు. దెబ్బలు పడడం చూసిన పిల్లలు మిగతావాళ్లకంటే బాగా తక్కువగా అనుకరించారు. ఆ గుంపులో ఆడపిల్లలైతే మరీ తక్కువ. ఇంతవరకు మనం ఊహించేదే. ఆపైన చేసిన పని అసలైనది. ఈసారి పిల్లలకు పళ్లరసం, అంటించుకునే బొమ్మలు చూపించి, సినిమాలో ఆయన ఏమేం చేశాడో చేసి చూపిస్తే ఇవన్నీ మీవే అన్నారు. అప్పుడు మూడు గుంపులకూ తేడా పోయింది. దెబ్బలు చూసి ఊరుకున్నవాళ్లు కూడా గుద్దు గుద్దుగా, మాట మాటగా చేసి చూపించారు. ఆడపిల్లలకూ మగపిల్లలకూ మధ్య ఉన్న దూరం కూడా చాలావరకు తగ్గిపోయింది.

అంటే, అందరూ నేర్చుకున్నారు. చేయాలా మానాలా అన్నది మాత్రం, చేసినవాడికి ఏం దక్కిందో చూసి తేల్చుకున్నారు. తనకు ఏమీ దక్కకపోయినా, ఎదుటివాడికి దక్కింది చూసి తన పని పెంచుకోవడాన్ని పరోక్ష పునర్బలనం అన్నారు. ఎదుటివాడికి పడిన దెబ్బ చూసి తాను ఆగిపోతే అది పరోక్ష దండన. ఈ అధ్యాయంలో మిగిలినదంతా ఈ రెండింటి గురించే.

ఉయ్యూరువాళ్లకు దీన్ని ప్రయోగశాలలో చూపించనక్కర్లేదు. క్రషింగ్ సీజన్‌లో సాయంత్రం బడి వదిలేవేళకు రోడ్డు మీద నిలబడితే చాలు. ఫ్యాక్టరీ వైపు చెరకు ట్రాక్టర్లు నెమ్మదిగా పోతుంటాయి. ఒక కుర్రాడు వెనక పరిగెత్తి ట్రక్కులోంచి ఓ గడ లాగుతాడు. డ్రైవరు వెనక్కి తిరిగి చూడడు. కుర్రాడు గడను మోకాలికేసి విరిచి ముక్కలు పంచుతాడు. పక్కనున్న నలుగురూ ఆరోజు ట్రాక్టరు జోలికి పోరు, నవ్వుతూ చెరకు నములుతారంతే. కానీ ఎక్కడ పట్టుకోవాలి, ఏ మలుపు దగ్గర బండి నెమ్మదిస్తుంది, ఎప్పుడు వదిలెయ్యాలి అన్నదంతా వాళ్ల బుర్రలోకి ఎక్కేసింది. రెండు రోజుల తర్వాత వాళ్లలో ఎవరో ఒకరు పరిగెడతారు. ఒకరోజు ఎవడైనా కిందపడి మోచేయి చీరుకుంటే వారం పదిరోజులు ఎవరూ ఆ పని చెయ్యరు. మరిచిపోయి కాదు. ఆ విద్య అలాగే ఉంటుంది, అదను కోసం చూస్తుంటుంది.

ఇప్పుడు గదిలోకి వద్దాం. ఉయ్యూరు చుట్టుపక్కల ఏదో ఒక హైస్కూలు అనుకోండి, ఫలానాదని కాదు. తొమ్మిదో తరగతి, భోజనాల తర్వాత లెక్కల పీరియడ్, గదిలో నలభై ఒక్క మంది. మాస్టారు బోర్డు మీద బహుపది కారణాంకాలు రాసి, దీన్నెవరు చెబుతారు అని అడిగారు. రెండో బెంచీలో అమ్మాయి చెయ్యెత్తి, తప్పు చెప్పింది. వెనక బెంచీలోంచి ఓ కుర్రాడు సన్నగా ఏదో కామెంటు కొట్టాడు. గది గొల్లున నవ్వింది. మాస్టారు సుద్దముక్క బల్ల మీద పడేసి, "ఎవడ్రా అది? లేచి నిలబడు. మీ నాన్న చెమటోడ్చి చదివిస్తుంటే..." అంటూ మొదలుపెట్టారు. ఆ మొదలుపెట్టడం ఏడు నిమిషాలు సాగింది. కుర్రాడు తల దించుకుని నిలబడ్డాడు. పక్కవాడు వాణ్ని మోచేత్తో పొడిచాడు, ఇద్దరూ నవ్వు ఆపుకున్నారు. తర్వాత మాస్టారు తానే లెక్క చేసేసి, హోంవర్కు ఇచ్చి వెళ్లిపోయారు.

మాస్టారి లెక్కలో ఇక్కడ జరిగింది దండన. మిగతా నలభై మంది చూసింది వేరు. కామెంటు కొట్టినవాడికి క్లాసంతా నవ్వు దక్కింది. మాస్టారి ముఖం పూర్తిగా వాడివైపు తిరిగి ఏడు నిమిషాలు ఉంది. పాఠం ఆగింది, అందువల్ల చెయ్యాల్సిన లెక్క తప్పింది, అదీ అందరికీ. చెయ్యెత్తిన అమ్మాయికి దక్కింది నవ్వులపాలవడం. ఆమె తప్పు ఎక్కడుందో ఎవరూ చెప్పలేదు, చెప్పబోయినందుకు ఎవరూ మెచ్చుకోలేదు. ఊరికే కూర్చున్న ముప్ఫై తొమ్మిది మందికి ఏ నష్టమూ లేదు. మర్నాడు ఆ గదిలో ఎన్ని చేతులు లేస్తాయి? కామెంట్లు ఎన్ని పడతాయి? పిల్లలు చెడిపోయారనీ, ఫోన్లొచ్చి పాడైపోయారనీ స్టాఫ్‌రూములో అనుకుంటాం. ఫోన్ల సంగతి ఎలా ఉన్నా, ఈ గదిలో మాత్రం వాళ్లు చూసిందే తు.చ. తప్పకుండా నేర్చుకున్నారు.

పన్నెండు, పదమూడేళ్లు దాటిన పిల్లల గదిలో ఇది మరింత పదునుగా పనిచేస్తుంది. నాలుగో తరగతి పిల్లకు టీచరమ్మ మెచ్చుకోలే పెద్ద బహుమతి. తొమ్మిదో తరగతిలో బహుమతులు పంచే చేతులు మారిపోతాయి. తోటివాళ్ల నవ్వు, తోటివాళ్ల చూపు, బయట సైకిల్ స్టాండు దగ్గర ఆ సంగతి మళ్లీ చెప్పుకోవడం, ఇవీ అసలు పునర్బలనాలు. వాటిని పంచే అధికారం మాస్టారి దగ్గర లేదు. ఆ సంగతి ఒప్పుకోకపోతే తర్వాత చేసేదంతా వృథా.

కాబట్టి మొదటి పని, ఏమీ మార్చకుండా ఒక వారం చూడడం. హాజరుపట్టీ వెనకో, లెసన్ ప్లాన్ పుస్తకం చివరో ఒక కాగితం పెట్టుకుని రెండు గడులు గీయండి. మొదటి గడిలో ఎవరు ఏం చేశారు, రెండో గడిలో చేసిన వెంటనే వాళ్లకు ఏం దక్కింది. అంతే. ఉద్దేశాలు, గుణాలు రాయొద్దు. పొగరు, బద్ధకం, ఇంట్లో పెంపకం అని రాశారంటే కాగితం పాడైనట్టే. పైన చెప్పిన పీరియడ్ అయితే ఇలా రాస్తాం: చెయ్యెత్తి తప్పు చెప్పింది, నవ్వారు. కామెంటు కొట్టాడు, నవ్వారు, నేను ఏడు నిమిషాలు మాట్లాడాను. హోంవర్కు తెచ్చినవాళ్లు పుస్తకం తెరిచి కూర్చున్నారు, నేను చూడలేదు. తేనివాళ్లు కూడా అలాగే కూర్చున్నారు, నేను చూడలేదు. పాఠం చెబుతూ అన్నీ రాయలేం, పీరియడ్‌కు అయిదారు సంగతులు చాలు. వారం చివర కుడివైపు గడి మాత్రమే పైనుంచి కిందికి చదవండి. మీ గదిలో దేనికి ధర పలుకుతోందో దాంట్లో కనిపిస్తుంది.

అలాగే ఇంకో లెక్క పెట్టుకోండి: పీరియడ్‌లో ఎన్ని వేర్వేరు చేతులు లేచాయి. ఒకే పిల్ల పదిసార్లు ఎత్తినా ఒకటే. తర్వాత చేసేవి పనిచేశాయో లేదో ఈ అంకెతోనే తెలుస్తుంది.

రెండో పని కామెంటు సంగతి చూడడం. జేకబ్ కూనిన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఒకసారి తన కాలేజీ క్లాసులో పేపరు చదువుకుంటున్న ఒక విద్యార్థిని మందలించాడు. ఆ ఒక్కణ్ణి అన్నందుకు మిగతా అందరూ సర్దుకుని కూర్చోవడం గమనించాడు. నేను వాళ్లనేమీ అనలేదే, మరి వీళ్లెందుకు మారారు అన్న ప్రశ్నతో ఏళ్ల తరబడి తరగతులు పరిశీలించి 1970లో పుస్తకం రాశాడు. ఆ ప్రభావానికి అలల పేరు పెట్టాడు. ఆయనకు తేలినవాటిలో మనకు పనికొచ్చేది, మందలింపు ఎంత స్పష్టంగా ఉంటే చూసేవాళ్ల మీద అంత బాగా పనిచేస్తుందన్నది. ఏం మానాలో, దాని బదులు ఏం చెయ్యాలో అందులో ఉండాలి. గట్టిగా అరిస్తే చూసేవాళ్లు బెదురుతారు, కలత పడతారు తప్ప అంతకుమించి బుద్ధిగా మారరు. హైస్కూలు పిల్లల దగ్గరికొచ్చేసరికి, ఆ టీచరంటే వాళ్లకున్న అభిమానం, ఆ సబ్జెక్టు మీదున్న ఆసక్తి ఎక్కువ తేడా తెచ్చాయి.

దీన్ని ఆ పీరియడ్‌లో పెట్టి చూద్దాం. కామెంటు పడింది, నవ్వు మొదలైంది. మాస్టారు ఆ అమ్మాయి వైపే చూస్తూ, "ఆగమ్మా, నువ్వు చెప్పిన మొదటి మెట్టు సరైందే, అది బోర్డు మీద రాస్తున్నా" అని రాస్తారు. రాసి, వెనక బెంచీ దాకా నడిచి, కుర్రాడి పక్కన నిలబడి, వాడికి మాత్రమే వినపడేలా "లెక్క తియ్యి, రెండో మెట్టు నువ్వు చెప్పాలి" అంటారు. ఇందులో నవ్విన గదికి తిరిగి చూడడానికి ఏమీ దొరకలేదు. ఏడు నిమిషాలు పది సెకన్లయ్యాయి. పాఠం ఆగలేదు, అంటే కామెంటు వల్ల ఎవరికీ లెక్క తప్పలేదు. చెయ్యెత్తిన పిల్లకు బోర్డు మీద చోటు దక్కింది. మిగతా ముప్ఫై తొమ్మిది మంది ఈ నాలుగూ చూశారు.

మొదటి వారంలో కామెంట్లు తగ్గకపోవచ్చు, పెరగనూ వచ్చు. ఎప్పుడూ దక్కేది దక్కకపోతే గట్టిగా అడిగి చూడడం మనిషి నైజం. చాలామంది టీచర్లు సరిగ్గా ఇక్కడే, ఇదేం పనిచెయ్యట్లేదని మళ్లీ పాత ఏడు నిమిషాలకు పోతారు. అప్పుడు పిల్లలు నేర్చుకునేదేమిటంటే, కాస్త గట్టిగా ప్రయత్నిస్తే దక్కుతుందని. ఇది ముందుకంటే చెరుపు. ఇక దెబ్బల సంగతంటారా, విద్యాహక్కు చట్టం పదిహేడో సెక్షన్ 2009లోనే వాటిని నిషేధించింది. చట్టం సరే, ఈ సిద్ధాంతం ప్రకారం చూసినా బెత్తం పట్టిన మాస్టారు గదికి చూపిస్తున్నది ఒకటే: చేతిలో అధికారం ఉన్నవాడు కోపమొస్తే కొట్టొచ్చు. ఆ పాఠం ఇంటర్వెల్లో ఆరో తరగతి పిల్లల మీద అప్పజెబుతారు.

మూడోది నమూనాను ఎంచుకోవడం. మనకు అలవాటైన పద్ధతి, క్లాసు ఫస్టు వచ్చే పిల్లవాణ్ని బోర్డు దగ్గరికి పిలవడం. వాడు గడగడా చేసేస్తాడు. "చూశారా, వాడిలా చదవండి" అంటాం. గది చూస్తుంది గానీ, వాడిలో తనను చూసుకోదు. వాడికొచ్చు, నాకు రాదు, అంతే. డేల్ షంక్, అతని తోటి పరిశోధకులు 1980లలో లెక్కల్లో వెనకబడిన పిల్లలకు వీడియోలు చూపించారు. టీచరు లెక్క చేసి చూపించిన వీడియో చూసినవాళ్లకంటే, తమ ఈడు పిల్ల చేసింది చూసినవాళ్లకు మాకూ వస్తుందన్న నమ్మకం ఎక్కువ కలిగింది, తర్వాత లెక్కలూ ఎక్కువ చేశారు. భిన్నాల మీద చేసిన మరో ప్రయోగంలో, మొదట తడబడి, తప్పు చేసి, దిద్దుకుంటూ పోయిన పిల్లను చూసినవాళ్లకు, మొదటినుంచీ తప్పులేకుండా చేసిన పిల్లను చూసినవాళ్లకంటే ఎక్కువ మేలు జరిగింది.

మరి మన గదిలో ఎవరిని పిలవాలి? నలభై అయిదో యాభయ్యో మార్కులొచ్చే పిల్లను పిలవాలి. అయితే హఠాత్తుగా పిలిస్తే ఆమెను బలిపెట్టినట్టే. ముందురోజు సాయంత్రం అయిదు నిమిషాలు కూర్చోబెట్టుకుని లెక్క ఇవ్వండి, ఎక్కడ తడబడిందో చూడండి, అక్కడ ఎలా బయటపడిందో ఆమె మాటల్లోనే గుర్తు చేయండి. "రేపు ఈ తడబాటు కూడా చెప్పాలి, దాచకు" అని ముందే ఒప్పించండి. లెక్క ఇది అనుకుందాం:

2x² − 5x − 3

పిల్ల బోర్డు దగ్గర పైకి ఆలోచిస్తుంది. "రెండు, మైనస్ మూడు గుణిస్తే మైనస్ ఆరు. కూడితే మైనస్ అయిదు రావాలి. ముందు నేను రెండూ మూడూ తీసుకున్నా సార్, అయిదు వస్తుందని. రెండిటికీ మైనస్ పెట్టా. కూడితే మైనస్ అయిదే వచ్చింది, కానీ గుణిస్తే ప్లస్ ఆరు వచ్చింది. అక్కడ ఆగిపోయా. అప్పుడు గుర్తులు వేర్వేరుగా ఉండాలని తెలిసింది. మైనస్ ఆరు, ప్లస్ ఒకటి." తర్వాత ఇలా రాస్తుంది:

2x² − 6x + x − 3 = 2x(x − 3) + 1(x − 3) = (x − 3)(2x + 1)

గదిలో సగంమంది రెండూ మూడూ తీసుకున్నవాళ్లే. బందూరా చెప్పిన నాలుగు మెట్లూ ఇక్కడ పనిచేయడం చూడొచ్చు. తమలాంటిదే కాబట్టి అవధానం నిలిచింది. గుర్తులు వేర్వేరుగా ఉండాలన్న చిన్న మాట ధారణలో మిగిలింది. వెంటనే అలాంటిదే ఇంకో లెక్క ఇచ్చి పక్కపక్కవాళ్లను చేయమంటే పునరుత్పాదన. ఇది మానేస్తే మొదటి రెండూ సాయంత్రానికి ఆవిరైపోతాయి. ఇక నాలుగోది ప్రేరణ, అంటే ఆ పిల్లకు ఏం దక్కడం గది చూసిందన్నది. "రెండూ మూడూ ఎందుకు కుదరవో పట్టుకున్నావు చూడు, ఆ మెట్టే ముఖ్యం" అంటే చాలు. మెచ్చుకోలు ఆ పని మీద పడాలి. "బంగారు తల్లివమ్మా" అంటే అనుకరించడానికి గదికి ఏమీ మిగలదు, ఆ పిల్లకు మాత్రం మధ్యాహ్నం దాకా ఆ పేరే మిగులుతుంది.

మెచ్చుకోలు గురించి ఇంకాస్త ఆగి చెప్పాలి, ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. అలన్ కాజ్డిన్ 1973లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల తరగతిలో ఒక ప్రయోగం చేశాడు. జంటలో ఒక్కరినే, శ్రద్ధగా కూర్చున్నందుకు మెచ్చుకుంటే పక్కవాడు కూడా శ్రద్ధగా కూర్చున్నాడు. బాగుంది. తర్వాత కావాలనే, ఆ మొదటివాడు శ్రద్ధ లేకుండా ఉన్నప్పుడు మెచ్చుకున్నారు. విచిత్రంగా అప్పుడు కూడా పక్కవాడి శ్రద్ధ పెరిగింది. అంటే పక్కవాడు ఎదుటివాడి పనిని చూసి కాపీ కొట్టడం లేదు. టీచరు మెచ్చుకునే మూడ్‌లో ఉన్నారు, సర్దుకోవాలి అన్న సూచనగా ఆ మాటను తీసుకుంటున్నాడు. కాబట్టి మీరు ఒకరిని మెచ్చుకోగానే గది సర్దుకుందంటే, ఆ పనిని నేర్చుకున్నారని అప్పుడే సంబరపడొద్దు.

రెండో చిక్కు ఇంకా పెద్దది. ఒకరికి బహుమతి దక్కడం పదేపదే చూస్తూ, అదే పని చేసిన తమకు ఎప్పుడూ దక్కకపోతే ఏమవుతుందని ఓలెండిక్, అతని సహచరులు 1983లో చూశారు. చూసే పిల్లల పని మొదట పెరిగింది. కొంతసేపటికి పడిపోయింది. నాకు రాదులే అని తేలిపోయాక, ఎదుటివాడి బహుమతి వీడికి శిక్షలా తయారవుతుంది. మన బళ్లలో ప్రతి సభలోనూ ఆ ఇద్దరు ముగ్గురు పిల్లలే స్టేజీ ఎక్కి కప్పులు తీసుకోవడం, మిగతా వందలమంది ఎండలో కూర్చుని చప్పట్లు కొట్టడం చూస్తుంటాం. ఏడాదికేడాది చప్పట్లు పలచబడడం కూడా చూస్తుంటాం. అందుకని పరోక్ష పునర్బలనం తనంతట తాను ఎక్కువకాలం నిలవదు. చూసి మొదలుపెట్టినవాడికి వారం పదిరోజుల్లో సొంతంగా ఏదో ఒకటి దక్కాలి. నోట్సులో ఒక వాక్యం రాసినా సరే.

ఈ ఈడు పిల్లల్లో చాలామందికి నలుగురి ముందు మెచ్చుకోలు ఇబ్బంది. మాస్టారి చెంచా అన్న పేరు పడుతుంది, మగపిల్లలకైతే మరీను. అప్పుడు మీ మెచ్చుకోలే గది కళ్లకు దండనగా కనిపిస్తుంది. మనిషి పేరెత్తకుండా పనిని చెప్పడం ఒక దారి: "నిన్నటి హోంవర్కులో ఆరుగురు సరిచూసుకున్న మెట్టు కూడా రాశారు, అది ఇలా ఉంది" అని బోర్డు మీద చూపించండి. ఎవరెవరో వాళ్లకు తెలుసు. మిగతావాళ్లు చూసేది ఆ మెట్టును.

దూరపు నమూనాల గురించి ఒక మాట. 2014 మే 25న మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కింది. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివే పదమూడేళ్ల పిల్ల. ఆమెతోపాటు అలాంటి గురుకులంలోనే చదివే ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. ఆమె ఫొటో గోడకు పెట్టడం మంచిదే. కానీ ఉయ్యూరులో కూర్చున్న పిల్లకు ఆ ఫొటోలో కనిపించేది శిఖరమూ జెండా మాత్రమే. అనుకరించడానికి అందులో మెట్లు లేవు. భువనగిరి గుట్ట మీద తాడు పట్టుకుని శిక్షణ మొదలుపెట్టారన్నది చెబితే, అక్కడినుంచి మెట్లు కనిపించడం మొదలవుతుంది. దానికంటే పనికొచ్చేది, ఈ బడిలోనే చదివి, పదో తరగతిలో ఒకసారి లెక్కల్లో తప్పి, తర్వాత పాసై ఇప్పుడు ఊళ్లోనే డిగ్రీ చదువుతున్న అక్కను ఒక పీరియడ్‌కు పిలిపించడం. ఆమెను ఉపన్యాసం ఇవ్వమనకండి. తప్పినప్పుడు ఇంట్లో ఏమన్నారు, మళ్లీ పుస్తకం ఏ రోజు తీసింది, ముందు ఏ పాఠం పట్టుకుంది అని అడగండి.

టీచరు తానే అందరికంటే ఎక్కువసేపు కనిపించే నమూనా. దాని గురించి నీతులు చెప్పను గానీ, ఒక్క సంగతి. బోర్డు మీద మీరు తప్పు చేసినప్పుడు ఒక పిల్లవాడు లేచి "సార్, అక్కడ మైనస్ అండీ" అంటాడు. ఆ క్షణంలో వాడికి ఏం దక్కుతుందో నలభై జతల కళ్లు చూస్తాయి. "నాకు తెలుసు, కూర్చో" అంటే, ఆ గదిలో ఇక తప్పు పట్టేవాళ్లూ ఉండరు, తప్పు ఒప్పుకునేవాళ్లూ ఉండరు. "నిజమే, గుర్తు వదిలేశా" అని చెరిపి దిద్దితే, తప్పు దిద్దుకోవడం పెద్దవాళ్లు కూడా చేసే పనేనని గది చూస్తుంది.

పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? మెచ్చుకున్న పిల్లను చూసి లాభం లేదు, ఆమె ఎలాగూ చేస్తుంది. ఆ పిల్లకు అటూ ఇటూ కూర్చున్నవాళ్లను చూడండి. మొదటి వారం రాసుకున్న వేర్వేరు చేతుల లెక్కను మూడో వారం, అయిదో వారం మళ్లీ పెట్టండి. నాలుగు చేతులు ఏడయితే పనిచేస్తున్నట్టు. అలాగే మీరు గదిలో లేనప్పుడు, ఇంకో టీచరు పీరియడ్‌లో పిల్లలు ఎలా ఉన్నారో అడగండి. మీ ఎదుటే మారి అక్కడ మారకపోతే వాళ్లు మీ మొహం చదవడం నేర్చుకున్నారన్నమాట, పని నేర్చుకోలేదు.

లెక్కలు తీసే రోజులు కూడా చూసుకోండి. మాఘంలో వీరమ్మ తల్లి తిరునాళ్ల పదిహేను రోజులూ ఊరంతా ఇంకో లోకంలో ఉంటుంది, గదిలో సగం బెంచీలు ఖాళీ. ఆ పక్షంలో తీసిన అంకెలు దేనికీ పనికిరావు. కానీ ఆ తర్వాతి సోమవారం మాత్రం జాగ్రత్తగా ఉండాలి. తిరునాళ్లకు పోకుండా రోజూ వచ్చిన పదిహేనుమందికి చెప్పిన పాఠాన్ని మానేసినవాళ్ల కోసం మళ్లీ మొదటినుంచి చెప్పి, వచ్చినవాళ్లను ఊరికే కూర్చోబెడితే, మానేసినా పోయేదేం లేదని గది చూసేస్తుంది. వచ్చిన ఆ పదిహేనుమందిలో ఒక్కొక్కరి పక్కన మానేసినవాళ్లను ఒకరిద్దరేసి చొప్పున కూర్చోబెట్టి, వచ్చినవాళ్ల నోట్సుతో చెప్పించండి. పాఠమూ అందుతుంది, వచ్చినందుకు ఏదో దక్కిందని మిగతావాళ్లకూ కనిపిస్తుంది.

అయిదో వారానికీ ఏమీ కదలకపోతే మీ కాగితంలో కుడి గడి ఇంకా పూర్తికాలేదని అర్థం. ఆ కామెంటుకు ధర చెల్లిస్తున్నది బహుశా మీ గదిలో కాదు, సాయంత్రం ట్యూషన్ దగ్గర, రాత్రి క్లాసు పిల్లల వాట్సాప్ గ్రూపులో. అక్కడ మీరు లేరు, ఉండలేరు కూడా. అక్కడ మాట చెల్లే పిల్ల ఒకరో ఇద్దరో మీ క్లాసులో ఉంటారు. వాళ్లు మార్కుల్లో ముందుండకపోవచ్చు, కబడ్డీ జట్టులో ఉండొచ్చు. వెనక బెంచీ కుర్రాడికి రెండో మెట్టు చెప్పే పని ఇచ్చినట్టే, తర్వాతి వారం బోర్డు దగ్గర తడబడి దిద్దుకునే పని ముందుగా వాళ్లకు ఇచ్చి చూడండి.